మాట ముందా, బొమ్మ ముందా: సీన్ మారేచోట జె కట్, ఎల్ కట్, నేరు కట్‌లలో దేన్ని ఎంచుకోవాలి

అనంతపురంలో షార్ట్ ఫిలింలు తీసే కుర్రవాళ్లు ఎడిటింగ్ కోసం నా దగ్గరికి హార్డ్ డిస్కు తెచ్చినప్పుడు తరచుగా వినబడే కోరిక ఒకటుంది: "సీన్లు అతికించినట్టు కనిపిస్తున్నాయి, కొంచెం నున్నగా చేయండి." వాళ్లలో చాలామంది అప్పటికే సీన్ మారే ప్రతిచోటా ఒక బొమ్మ కరిగి మరో బొమ్మ తేలే డిజాల్వ్ పెట్టి చూసి, అది పెళ్లి వీడియోలా తయారైందని విసిగిపోయి ఉంటారు. ఆ అతుకు కనబడకుండా చేయడానికి బొమ్మను ముట్టుకోనక్కరలేదు. బొమ్మ మారే క్షణమూ ధ్వని మారే క్షణమూ ఒకటే కాకుండా వాటిని విడదీస్తే చాలు. అయితే ఎటువైపు విడదీయాలి, ఎంత విడదీయాలి, అసలు విడదీయాలా వద్దా అనే ఎంపికలోనే ఎక్కువ తప్పులు జరుగుతున్నాయి. అందువల్ల ఈ వ్యాసంలో ఒకే ఒక్క సీన్ మార్పును తీసుకొని, దాన్ని మూడు విధాలుగా కత్తిరించి, ఏ విధానం ఎందుకు నిలిచిందో వివరిస్తాను.

ముందు పేర్ల సంగతి చూద్దాం. బొమ్మా ధ్వనీ ఒకే ఫ్రేములో మారితే దాన్ని నేరు కట్ అందాం. తర్వాతి సీన్‌లోని మాట, దాని బొమ్మ రాకముందే ఇప్పటి బొమ్మ మీద వినబడటం మొదలైతే అది జె కట్. ఇప్పటి సీన్‌లోని మాట, బొమ్మ మారిపోయాక కూడా కొత్త బొమ్మ మీద కొనసాగితే అది ఎల్ కట్. టైమ్‌లైన్‌లో బొమ్మ పైన, ధ్వని కింద ఉంటాయి. కింది ధ్వని ఎడమవైపుకు పొడుచుకొస్తే ఆ క్లిప్ ఇంగ్లీషు జె అక్షరం తోకలా, కుడివైపుకు సాగితే ఎల్ అక్షరం పాదంలా కనిపిస్తుంది. ఆ ఆకారాల వల్లనే ఈ పేర్లు వచ్చాయి.

ఉదాహరణకు తీసుకున్న సీన్

కథ చిన్నది. అనంతపురంలో ఒక అద్దె ఇల్లు, రాత్రి. తండ్రి చేసిన అప్పు గురించి కొడుకు తల్లిని నిలదీస్తాడు. తల్లి కాసేపు మాట్లాడకుండా ఉండి, చివరికి "ఆ సంగతి మీ నాయన్నే అడుగు" అంటుంది. కొడుకు ముఖం కనిపిస్తుంది, అతను ఏమీ అనడు. తర్వాతి సీన్ కళ్యాణదుర్గం వైపు ఒక శెనక్కాయ చేను, తెల్లవారి. తండ్రి చెట్లు పెరుకుతూ, తల ఎత్తకుండానే, "మీ తాతిచ్చిన చేను రా ఇది. నేనుండంగా ఎవురికీ అమ్మను" అంటాడు. ఈ రెండు సీన్లకూ మధ్య ఒక రాత్రి, యాభై అరవై కిలోమీటర్ల దూరం ఉన్నాయి. కొడుకు బస్సెక్కినట్టు గానీ, చేనికి వచ్చి తండ్రిని అడిగినట్టు గానీ మనం చూడము. ఆ భారమంతా కట్ మీదే పడుతుంది.

సినిమా సెకనుకు 24 ఫ్రేముల వేగంతో తీసింది. తండ్రి మొదటి వాక్యం 44 ఫ్రేములు పడుతుంది, అంటే దాదాపు రెండు సెకన్లు. తల్లి మాట ముగిశాక కొడుకు ముఖం మీద మనం వాడుకోగలిగింది 48 ఫ్రేములు మాత్రమే. ఆ తర్వాత నటుడి కళ్లు దర్శకుడి వైపు తిరిగిపోయాయి. ఈ 48 అనే అంకెను గుర్తుంచుకోండి, ఎంపికంతా చివరికి దాని మీదే ఆధారపడింది.

మొదటి ప్రయత్నం: నేరు కట్

కొడుకు ముఖం 40 ఫ్రేములు ఉంచి, అక్కడ బొమ్మనూ ధ్వనినీ కలిపి కత్తిరించి, తండ్రి "మీ" అనే అక్షరంతో చేను సీన్ మొదలుపెట్టాము. ఇందులో సాంకేతికంగా తప్పేమీ లేదు. కానీ చూసినప్పుడు రెండు కుదుపులు ఒకేసారి తగులుతాయి. చీకటి గది నుంచి ఎండలోకి కన్ను దూకుతుంది. అదే ఫ్రేములో ఫ్యాను చప్పుడు ఆగిపోయి, గాలీ కాకులూ మొదలవుతాయి. ఆ రెండింటి మధ్య మాట మొదలైపోతుంది గనుక మొదటి పదం ప్రేక్షకుడికి సగమే చేరుతుంది. "ఎవరిచ్చిన చేను?" అని ఒకరిద్దరు వెనక్కి జరిపి చూశారు.

నేరు కట్‌ను ఇంతటితో తోసిపుచ్చకూడదు. ఆ కుదుపే కావలసిన చోట దానికి సాటి లేదు. కొడుకు "నేనే పోయి అడుగుతా" అని అరిచి తలుపు విసిరేసి ఉంటే, తలుపు దడేల్మన్న ఫ్రేము మీదే ఎండలోకి దూకడం సరైన పని అయ్యేది. ధ్వనిని ముందుకు జరిపితే ఆ దెబ్బ మెత్తబడిపోయేది. ఇక్కడి సీన్ మౌనంతో ముగుస్తోంది గనుకనే ఆ కుదుపు అక్కరకు రాలేదు. నేరు కట్ పెట్టాలనుకొని మొదటి పదం పోతుందనిపిస్తే, కొత్త బొమ్మ వచ్చాక 8 నుంచి 12 ఫ్రేములు ఆగి మాట మొదలుపెట్టండి. కన్ను కుదురుకోవడానికి అంత మాత్రం వ్యవధి చాలు.

రెండో ప్రయత్నం: ఎల్ కట్

దర్శకుడు మొదట కోరింది ఇదే. తల్లి "ఆ సంగతి మీ నాయన్నే" అన్నంతవరకు ఆమె ముఖం, "అడుగు" అన్న పదం చేను మీద, వెంటనే తండ్రి మాట. కాగితం మీద ఇది తెలివిగా కనిపిస్తుంది: మాట తల్లిది, దానికి జవాబు తండ్రి బొమ్మ. తెర మీద చూస్తే రెండు నష్టాలు బయటపడ్డాయి. మొదటిది, కొడుకు మౌనం పూర్తిగా పోయింది. అతని ముఖం చూపించడానికి చోటే మిగలలేదు. రెండోది, "అడుగు" అనగానే తండ్రి ప్రత్యక్షమవడం వల్ల విషయం బరువైనదైనా చూసినవాళ్లకు నవ్వు వచ్చింది. ప్రశ్నకు బొమ్మతో జవాబు చెప్పే కట్, హాస్యానికి ఎంత బాగా పనికొస్తుందో బాధకు అంత ప్రమాదం.

ఇందులో మన భాషకు సంబంధించిన సంగతి కూడా ఒకటి ఉంది, ఇంగ్లీషు ట్యుటోరియళ్లలో అది కనబడదు. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది, అవునో కాదో తేల్చే ముక్క ఆ క్రియ కొసలోనే ఉంటుంది. "అమ్ముతాను", "అమ్మను" అన్న రెండింటికీ ముందున్న మాటలన్నీ ఒకటే కావచ్చు. ఇంగ్లీషు వాక్యంలోనైతే కాదనే మాట తరచుగా మొదట్లోనే వచ్చేస్తుంది. కాబట్టి ఎల్ కట్‌లో వెనక మిగిలే ఒకటి రెండు పదాలు, తెలుగులో, వాక్యానికి ప్రాణమైన పదాలే అవుతాయి. ఆ ప్రాణం ఎవరి ముఖం మీద పడాలన్నదే ఎల్ కట్ పెట్టేముందు వేసుకోవలసిన ప్రశ్న. చెప్పినవాడి ముఖం మీద పడాల్సిన మాటైతే ఎల్ కట్ దాన్ని దొంగిలిస్తుంది. విన్నవాడి మీద పడాల్సినదైతే అంతకంటే మంచి మార్గం ఉండదు.

జె కట్‌లో ఇది తిరగబడుతుంది. ముందుగా వినబడేవి వాక్యం మొదటి పదాలు. తెలుగులో అవి పిలుపో, ఎవరి గురించో, దేని గురించో చెప్పే పదాలు తప్ప తీర్పు కావు. "మీ తాతిచ్చిన" అన్నంత మాత్రాన చేను అమ్ముతాడో లేదో తెలియదు. ప్రేక్షకుడి చెవిని కొత్త సీన్ వైపు తిప్పడానికి ఆ పదాలు సరిపోతాయి, అసలు మాటను మాత్రం బయటపెట్టవు. ఆ కారణం చేత తెలుగు డైలాగు జె కట్‌కు బాగా ఒదుగుతుందని నా అభిప్రాయం. ఒక జాగ్రత్త మాత్రం అవసరం: మాట్లాడే భాషలో క్రియ ముందుకు దూకిన వాక్యాలు మన వైపు చాలా వినిపిస్తాయి. "అమ్మను రా ఈ చేను" అని నటుడు చెప్పి ఉంటే లెక్క మారిపోతుంది. స్క్రిప్టు చూసి కాకుండా నటుడు నిజంగా పలికింది విని నిర్ణయించుకోవాలి.

మూడో ప్రయత్నం: జె కట్, మొదట తప్పుగా

మొదటి జె కట్‌లో తండ్రి గొంతును కొడుకు ముఖం మీద 24 ఫ్రేములు ముందుగా తెచ్చాము. "మీ తాతిచ్చిన" అన్నంతవరకు కొడుకు ముఖం, "చేను" అన్న పదంతో చేను బొమ్మ. చూసిన వెంటనే తెలిసిన లోపం, పదమూ బొమ్మా మరీ ఒకదానికొకటి అంటుకుపోవడం. పిల్లల పుస్తకంలో బొమ్మ కింద పేరు రాసినట్టుంది. రెండో లోపం ఇంకా పెద్దది. కథ తెలియని ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టి చూపిస్తే, "వాళ్ల నాయన పక్క గదిలో ఉండాడా?" అని అడిగాడు. అతని తప్పేమీ లేదు. ఇంటి సీన్‌లో తండ్రి అనే మాట ఇప్పుడే వచ్చింది, వెంటనే ఇంటి బొమ్మ మీద ఒక పెద్దాయన గొంతు వినబడింది, గనుక ఆయన ఇంట్లోనే ఉన్నాడనుకోవడం సహజం. డైలాగును ముందుకు తెచ్చేటప్పుడు అత్యంత సాధారణంగా జరిగే పొరపాటు ఇదే: కొత్త సీన్ గొంతు పాత సీన్ లోపలి గొంతులా వినబడటం.

దీనికి మందు గొంతు కంటే ముందు ఆ చోటును వినిపించడం. చేనిలో షూటింగ్ రోజున రికార్డు చేసిన వాతావరణ ధ్వని, అంటే గాలి, కాకులు, దూరంగా బోరు మోటారు, తండ్రి గొంతు కంటే 12 ఫ్రేములు ముందు నెమ్మదిగా లేచేలా పెట్టాము. అదే వ్యవధిలో ఇంటి ఫ్యాను చప్పుడు కిందికి దిగుతుంది. అప్పుడు గొంతు వచ్చేసరికి ప్రేక్షకుడి చెవి ఇల్లు దాటి బయట ఉంటుంది.

షార్ట్ ఫిలిం డబ్బింగ్ చెప్పించుకున్నదైతే ఈ జాగ్రత్త మరింత అవసరం. డబ్బింగ్ గదిలో చెప్పిన గొంతులో చేనూ గాలీ ఏమీ ఉండవు. అలాంటి శుభ్రమైన గొంతును కొడుకు ముఖం మీద పెడితే అది పక్క గది గొంతు కూడా కాదు, కథ చెప్పే వ్యాఖ్యాత గొంతు అయిపోతుంది. వాతావరణ ధ్వనిని విడిగా పరిచాకే డబ్బింగ్ గొంతును ముందుకు జరపండి. చేనిలోనో ఇంట్లోనో పని ముగిశాక అందరూ నోరు మూసుకొని ఒక నిమిషం పాటు ఆ చోటి నిశ్శబ్దాన్ని రికార్డు చేయమని నేను ప్రతి బృందాన్నీ అడుగుతాను. సగం మంది మరచిపోతారు, ఎడిటింగ్ రోజున ఆ సంగతి గుర్తుకొస్తుంది.

ఏ ఫ్రేము దగ్గర బొమ్మ మార్చాలి

పదమూ బొమ్మా అంటుకుపోయిన లోపాన్ని సరిచేయడానికి బొమ్మను 6 ఫ్రేములు ముందుకు తెచ్చాము, అంటే గొంతు 24 బదులు 18 ఫ్రేములు మాత్రమే ముందుంటుంది. ముక్కాలు సెకను. ఈ 18 అనే అంకె ఊరికే రాలేదు. "తాతిచ్చిన" అన్న పదంలో "చ్చ" పలికేటప్పుడు నాలుక ఒక్క క్షణం గాలిని ఆపేస్తుంది. ధ్వని హెచ్చుతగ్గులను గీతగా చూపించే వేవ్‌ఫామ్‌లో చూస్తే అక్కడ రెండు మూడు ఫ్రేముల లోయ కనబడుతుంది. తెలుగులో "ట్ట", "క్క", "చ్చ" వంటి ద్విత్వాలు వచ్చిన ప్రతిచోటా ఇలాంటి లోయ ఉంటుంది, బొమ్మ మార్చడానికి అది చక్కని చోటు. పదం మధ్యలో కత్తిరిస్తున్నామే అని భయపడనక్కరలేదు, కత్తిరిస్తున్నది బొమ్మను, మాటను కాదు.

తప్పించవలసినది పెదవులు కలిసే అక్షరాల మీద పడే కట్. "ప", "బ", "మ" పలికేటప్పుడు నోరు మూసుకోవడం కంటికి స్పష్టంగా కనబడుతుంది గనుక, మాటా పెదవీ కలిశాయా లేదా అని ప్రేక్షకుడి కన్ను తెలియకుండానే అక్కడ సరిచూసుకుంటుంది. కొత్త ముఖం సరిగ్గా అలాంటి అక్షరం మీద ప్రత్యక్షమైతే, అంతా సరిగ్గా ఉన్నా ఏదో తేడా ఉన్నట్టు అనిపిస్తుంది. "చ్చ" దగ్గర ఆ బాధ లేదు. "అమ్మను"లో "మ్మ" ఉంది, అయితే అది తండ్రి ముఖం తెర మీదికి వచ్చి చాలాసేపయ్యాక వస్తుంది గనుక పెదవులు మూసుకోవడం మాటకు బలమే చేకూర్చింది. అదే పదాన్ని కళ్లు మూసుకొని విన్న ఒకాయన "అమ్మను ఏం చేస్తాడు?" అన్నాడు. ముఖం కనబడాల్సిన మాట ముఖంతోనే రావాలనడానికి నాకు దొరికిన నిదర్శనం అది.

ఇప్పుడు 48 ఫ్రేముల లెక్క కుదురుతుందో లేదో చూద్దాం. తల్లి మాట ముగిశాక కొడుకు ముఖం మీద 18 ఫ్రేములు ఇంటి నిశ్శబ్దం, 12 ఫ్రేములు చేని ధ్వని లేవడం, 18 ఫ్రేములు తండ్రి గొంతు. మొత్తం 48. అంతకంటే ఎక్కువ ముందుకు జరపాలంటే నటుడు దర్శకుడి వైపు చూసే ఫ్రేములు వాడాల్సి వస్తుంది, లేదా మౌనాన్ని తగ్గించుకోవాలి. జె కట్ పెట్టేటప్పుడు చాలామంది గమనించని ఖర్చు ఇదే: అది వెళ్లిపోతున్న సీన్ మౌనాన్ని తినేస్తుంది. నేరు కట్‌లో కొడుక్కు 40 ఫ్రేముల మౌనం దక్కింది, ఇక్కడ ఏ ధ్వనీ సోకని మౌనం 18 మాత్రమే. ఆ మౌనమే సీన్‌కు గుండె అయి ఉంటే నేను జె కట్‌ను వదులుకొని ఉండేవాణ్ణి. ఈ సీన్‌లో కొడుకు ముఖం మీద తండ్రి గొంతు పడటం వల్ల, రేపు తాను వినబోయే మాటను అతను ఇప్పుడే వింటున్నట్టుంది. పోయిన మౌనానికి బదులుగా దక్కింది అదే, నా లెక్కలో అది లాభమే.

టైమ్‌లైన్‌లో ఏ అంచును జరపాలి

ఒకే జె కట్‌ను రెండు విధాలుగా చేయవచ్చు, రెండింటి ఫలితమూ ఒకటి కాదు. మొదటి పద్ధతిలో ధ్వని అంచును అక్కడే ఉంచి బొమ్మ అంచును మాత్రం కుడికి జరుపుతాము: కొడుకు బొమ్మ సాగి, తండ్రి బొమ్మ మొదటి ముక్క కప్పబడుతుంది, మాట వేళ మారదు. రెండో పద్ధతిలో బొమ్మ అంచును ఉంచి ధ్వని అంచును ఎడమకు జరుపుతాము: కొడుకు వైపు ధ్వని తగ్గి, తండ్రి క్లిప్‌లో మాటకు ముందున్న ధ్వని బయటపడుతుంది. అక్కడ మాట ఉండదు, చేని గాలి ఉంటుంది, ఖర్మ కాలితే దర్శకుడు "యాక్షన్" అన్న కేక కూడా ఉంటుంది. కాబట్టి డైలాగే ముందు రావాలంటే బొమ్మ అంచును జరపండి, చోటి ధ్వని మాత్రమే ముందు రావాలంటే ధ్వని అంచును జరపండి. మా ఉదాహరణలో రెండూ కావాలి గనుక బొమ్మను కుడికి జరిపి, చేని వాతావరణ ధ్వనిని మూడో ట్రాకులో విడిగా పరిచాము.

ప్రీమియర్ ప్రోలో Rolling Edit Tool తీసుకొని, Alt నొక్కి పట్టి బొమ్మ అంచును లాగితే ధ్వని కదలదు. డావిన్చి రిజాల్వ్‌లో Alt నొక్కి బొమ్మ అంచును మాత్రమే ఎంచుకొని లాగవచ్చు. మ్యాక్‌లో Alt బదులు Option. ఈ రెంటిలోనూ అంచు రెండు వైపులా ఒకేసారి జరుగుతుంది గనుక సినిమా మొత్తం నిడివి మారదు, వెనక ఉన్న సీన్లేవీ కదలవు. కొత్తవాళ్లు చేసే పొరపాటు, బొమ్మా ధ్వనీ మధ్య లింకు తీసేసి ధ్వని క్లిప్‌ను చేత్తో ఎడమకు ఈడ్చడం. అలా ఈడిస్తే 18 ఫ్రేములు ముందుకు వచ్చేది మొదటి పదాలు మాత్రమే కాదు, "అమ్మను" కూడా తండ్రి పెదవుల కంటే 18 ఫ్రేములు ముందే వినబడుతుంది. లింకు ఉంటే రెండు సాఫ్ట్‌వేర్లలోనూ ఎన్ని ఫ్రేముల తేడా వచ్చిందో ఎర్ర అంకె చూపిస్తుంది. లింకు తీసేస్తే ఆ హెచ్చరిక కూడా పోతుంది.

ఒకటి రెండు ఫ్రేముల తేడా ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు. ధ్వని దాదాపు 45 మిల్లీసెకన్లు ముందుకు వచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా మనుషులు పసిగట్టగలరని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రసార సిఫారసు చెబుతుంది. 24 ఫ్రేముల లెక్కలో ఒక ఫ్రేము సుమారు 42 మిల్లీసెకన్లు. అంటే ధ్వని ముందుకు జారినప్పుడు ఒక ఫ్రేము దాటితే చాలు, కన్ను పట్టేస్తుంది. ధ్వని వెనకబడితే కొంత ఓర్చుకుంటుంది, దూరం నుంచి మాటలు ఆలస్యంగా చేరడం మనకు అలవాటే కదా.

ఎల్ కట్ గెలిచిన చోటు

అదే సినిమాలో తర్వాతి మార్పుకు ఎల్ కట్ తప్ప మరేదీ కుదరలేదు. చేనిలో మాటామాటా పెరిగి, చివరికి తండ్రి "వానొస్తే చూస్తాం లే, నువ్వు పో" అంటాడు. తర్వాతి సీన్‌లో కొడుకు బస్సు కిటికీ పక్కన కూర్చొని ఉంటాడు. ఇక్కడ వాక్యానికి ప్రాణం "పో" అన్న ఒక్క అక్షరం, ఆ మాట పడాల్సింది కొడుకు మీద. "వానొస్తే చూస్తాం లే" అన్నంతవరకు తండ్రి ముఖం ఉంచి, "నువ్వు పో" మొత్తం బస్సులోని కొడుకు ముఖం మీద పెట్టాము. తండ్రి మాట అతనితో పాటు బస్సెక్కినట్టయింది. ఆ సీన్‌లో ఇక మాటలే లేవు గనుక, సాగిన మాటకు అడ్డు వచ్చే మరో గొంతు లేదు. కొత్త సీన్‌లో ఎవరైనా మాట్లాడేది ఉంటే, సాగిన మాట చివరి ధ్వనికీ కొత్త గొంతుకూ మధ్య కనీసం అర సెకను వదలండి. లేకపోతే కొత్తవాడు పాతవాడికి జవాబు చెబుతున్నట్టు వినబడుతుంది.

ఇబ్బంది ఇంజను దగ్గర వచ్చింది. బొమ్మ మారగానే బస్సు చప్పుడు పూర్తి స్థాయిలో మొదలవడంతో "పో" దాని కింద నలిగిపోయింది. బొమ్మ మారినప్పుడు ఇంజనును బాగా తగ్గించి మొదలుపెట్టి, మాట ముగిశాక ఇంకో సెకనుకు పూర్తి స్థాయికి తెచ్చాము. తండ్రి గొంతు వెనక ఉన్న చేని గాలిని మాత్రం మాటతో పాటే కొంచెం కొంచెంగా దింపాము. మాట ఆగిన ఫ్రేములోనే గాలి కూడా తెగిపోతే, ఎక్కడ అతికించామో చెవికి దొరికిపోతుంది. దాచాలనుకున్న అతుకును బొమ్మలోంచి తీసి ధ్వనిలో పెట్టినట్టవుతుంది.

మరి మీ సీన్‌కు ఏది

వెళ్లిపోతున్న సీన్ చివర మౌనముందా, మాటా, పెద్ద చప్పుడా అన్నది మొదట చూడండి. పెద్ద చప్పుడుతో ముగిస్తే నేరు కట్ వదలకండి. మాటతో ముగిస్తే, ఆ మాట చివరి క్రియ ఎవరి ముఖం మీద పడాలో తేల్చుకోండి. విన్నవాడే తర్వాతి సీన్‌లో మొదట కనిపించే మనిషైతే ఎల్ కట్ పెట్టండి. మౌనంతో ముగిసి, తర్వాతి సీన్ మాటతో మొదలైతే జె కట్ ప్రయత్నించండి, కానీ మౌనంలో ఎన్ని ఫ్రేములు ఇవ్వగలరో ముందు లెక్కపెట్టుకోండి. తర్వాతి సీన్‌లో మాటే లేకపోతే డైలాగు కోసం వెతుక్కోనక్కరలేదు, చోటి ధ్వనిని ఒక సెకను ముందు తెచ్చినా చాలా చోట్ల పని అయిపోతుంది. పన్నెండు నిమిషాల షార్ట్ ఫిలింలో ప్రతి సీన్ మార్పుకూ జె కట్ పెట్టిన బృందం ఒకటి వచ్చింది. నాలుగో సీన్ నుంచే ప్రేక్షకుడికి అది తెలిసిపోతుంది, గొంతు వినబడగానే "సీన్ మారబోతోంది" అని కాచుకొని కూర్చుంటాడు. ఆ సినిమాలో సగానికి పైగా తీసేసి నేరు కట్లు పెట్టాము.

ఏది ఎంచుకున్నా రెండు పరీక్షలు చేయండి. ఒకటి, కథ తెలియని మనిషికి చూపించి, గొంతు వినబడ్డచోట ఆపి "ఈయన ఇప్పుడు ఎక్కడున్నాడు?" అని అడగండి. రెండోది ఫోను స్పీకరులో వినడం. మా చేని ధ్వనిలో ముఖ్యమైనది బోరు మోటారు గుర్‌మనే చప్పుడు. హెడ్‌ఫోన్లలో అది తండ్రి గొంతుకు ముందే చక్కగా లేచింది. ఫోనులో పెడితే ఆ లోతైన చప్పుడు అసలు వినబడలేదు, గొంతు ఒంటరిగా మిగిలింది, తండ్రి మళ్లీ పక్క గదిలోకి వచ్చేశాడు. మోటారును అలాగే ఉంచి, ఆ 12 ఫ్రేముల మొదట్లో ఒక కాకి అరుపును జరిపి పెట్టాక, ఫోనులోనూ చేను వినబడింది.